ఫోటోలో ఒక కన్ను చిన్నగా, ఒక చెవి పెద్దగా వస్తే ఎలా సరిచేయాలి

పెళ్లి సంబంధాల బయోడేటాకి పెట్టే ఫోటోలతో వచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే. "మా అమ్మాయి మొహం ఇలా ఉండదండీ, ఇందులో ఒక కన్ను చిన్నగా వచ్చింది, ఒక చెవి బయటికి వచ్చేసింది, కాస్త సరిచేయండి" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, మొహం అలా ఉండదు. తల కొద్దిగా పక్కకి వంగి, ఇంకొంచెం పక్కకి తిరిగి, ఫోన్ మరీ దగ్గరగా ఉన్నప్పుడు మొహం అలా పడుతుంది. దాన్ని సరిచేయొచ్చు. కాకపోతే చాలామంది చేసే పని నేరుగా ఆకారాల్ని లాగి, నెట్టి మార్చే లిక్విఫై తెరిచి చిన్న కన్నుని పెద్ద కన్నంత చేసేయడం, అప్పుడు కళ్లు రెండూ సమానమవుతాయి కానీ మొహం ఇంకెవరిదోలా తయారవుతుంది. ఎందుకలా అవుతుందో, ఏ వరసలో చేస్తే అలా కాకుండా ఉంటుందో ఒక ఫోటో తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్తాను. ఫోటోషాప్‌లో చెప్తున్నాను, వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకీ లెక్క ఇదే.

ఒక మాట ముందే అనుకుందాం. కింద ఎక్కడ ఎడమ, కుడి అన్నా ఫోటో చూస్తున్న మనకి ఎడమ, కుడి అని అర్థం, ఫోటోలో ఉన్న మనిషికి కాదు.

మన ఫోటో ఇది. ఒక అమ్మాయి, లేత రంగు గోడ ముందు నిలబడింది, వాళ్ల తమ్ముడు అర మీటరు దూరం నుంచి ఫోన్‌తో తీశాడు. చెవులకి బుట్టకమ్మలు, నుదుట బొట్టు, వెనక గోడ మీద ఓ మూల స్విచ్‌బోర్డు. ఫైలు 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు. మొహం ఫ్రేము మధ్యలోనే ఉంది, అది మంచిది. మొహం ఫ్రేము అంచున ఉండి ఉంటే వైడ్ లెన్స్ దాన్ని బయటి వైపు సాగదీసేది. గ్రూప్ ఫోటోల్లో చివర నిలబడ్డవాళ్ల తల ఒక పక్కకి లావుగా కనిపించేది అందుకే, అది వేరే సమస్య, దానికి వేరే మందు.

ముందు ఏది ఎందుకు జరిగిందో విడదీయాలి

మొహం ఎగుడుదిగుడుగా కనిపించడానికి ఇక్కడ మూడు కారణాలు కలిసి ఉన్నాయి. మూడింటికీ మూడు వేరే వేరే మందులు. కలిపి చూస్తే ఏదీ కుదరదు.

మొదటిది తల భుజం వైపు వంగడం. దీనివల్ల ఒక కన్ను పైకి, ఒకటి కిందికి వస్తాయి. కనుబొమలు, కళ్లు, నోటి కొసలు అన్నీ ఒకే కోణంలో వాలుతాయి. దీన్ని తిప్పితే పోతుంది, అసలు నష్టమే లేదు.

రెండోది తల పక్కకి తిరగడం, దానికి తోడు కెమెరా దగ్గరగా ఉండడం. తల ఒక 10 డిగ్రీలు పక్కకి తిరిగిందనుకోండి, అది మనకి తెలిసేంత కూడా కాదు. రెండు కనుపాపల మధ్య దూరం పెద్దవాళ్లలో సుమారు 6 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి అవతలి కన్ను కెమెరాకి ఒక సెంటీమీటరు ఎక్కువ దూరంలోకి పోతుంది. అర మీటరు నుంచి తీస్తే ఆ సెంటీమీటరు 2 శాతం, అంటే అవతలి కన్ను అంత చిన్నగా పడుతుంది. అదే ఒకటిన్నర మీటరు నుంచి తీసి ఉంటే ఒక శాతం కూడా ఉండేది కాదు. చెవుల మధ్య దూరం ఇంకా ఎక్కువ, 14-15 సెంటీమీటర్లు, కాబట్టి చెవుల దగ్గర తేడా 5 శాతం దాకా పోతుంది. చాలామంది లెన్స్‌ని తిడతారు కానీ ఇక్కడ తేడా తెచ్చేది దూరం. ఫోన్‌లో వైడ్ లెన్స్ ఉంది కాబట్టి మొహం నిండుగా రావాలని మనం దగ్గరికి వెళ్తాం, ఆ దగ్గరితనమే మొహాన్ని మారుస్తుంది.

మూడోది ఆ మనిషి మొహంలో నిజంగా ఉన్న తేడా. ఎవరి మొహమూ రెండు వైపులా ఒకేలా ఉండదు. ఒక కనురెప్ప కొంచెం కిందికి ఉంటుంది, ఒక చెవి కొంచెం పైన ఉంటుంది, నవ్వితే నోరు ఒక పక్కకి ఎక్కువ సాగుతుంది. ఇది కెమెరా తప్పు కాదు కాబట్టి మనం ముట్టుకోకూడదు. ముట్టుకుంటేనే "ఇది మా అమ్మాయిలా లేదు" అంటారు, ఎక్కడ తేడా వచ్చిందో మాత్రం వాళ్లు చెప్పలేరు.

ఇంకో సంగతి. ఫిర్యాదు చేసేది ఫోటోలో ఉన్న మనిషే అయితే, పని మొదలుపెట్టే ముందు ఫోటోని అద్దంలోలా అటూ ఇటూ తిప్పి ఒకసారి చూపించండి. మన మొహాన్ని మనం రోజూ అద్దంలోనే చూస్తాం, సెల్ఫీ తీసేటప్పుడు ఫోన్ తెర కూడా అద్దంలాగే చూపిస్తుంది, అందుకని మామూలు ఫోటో చూసినప్పుడు మన మొహమే మనకి వంకరగా అనిపిస్తుంది. తిప్పి చూపిస్తే "ఆ, ఇది బాగుంది" అన్నారంటే సగం గొడవ అక్కడే తీరింది. అప్పుడు చేయాల్సింది చాలా తక్కువ.

కొలతలు తీసుకోండి

కంటితో చూసి మొదలుపెట్టకండి, కొలవండి. రూలర్ టూల్ తీసుకోండి, అది ఐడ్రాపర్ టూల్ కింద దాగి ఉంటుంది. కొలమానం పిక్సెళ్లలో పెట్టుకోండి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి గీత లాగితే పైన `A` దగ్గర కోణం, `L1` దగ్గర పొడవు కనిపిస్తాయి.

మన ఫోటోలో ఎడమ కనుపాప మధ్య నుంచి కుడి కనుపాప మధ్యకి గీత లాగితే 600 పిక్సెళ్లు, కుడి వైపు 3 డిగ్రీలు కిందికి వాలి ఉంది. నోటి కొసల మధ్య లాగితే 360 పిక్సెళ్లు, కుడి వైపు సుమారు 2 డిగ్రీలు వాలి ఉంది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. తల వంగడం ఒక్కటే కారణమైతే రెండూ 3 డిగ్రీలే ఉండాలి. కళ్ల గీత, నోటి గీత కుడి వైపు పోతున్న కొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి, అంటే మొహం కుడి సగం కెమెరాకి దూరంగా ఉందన్నమాట. పట్టాలు దూరం పోయేకొద్దీ కలిసినట్టు కనిపించేది ఈ లెక్కనే. ముక్కు చూడండి, కొన కుడి వైపుకే ఉంటుంది. కుడి చెవి కూడా చెంప వెనక్కి పోయి ఉంటుంది. ఈ మూడూ ఒకే మాట చెప్తే తల కుడికి తిరిగిందని ఖాయం చేసుకోవచ్చు. ఒకవేళ గీతలు కుడికి దగ్గరవుతూ ముక్కు మాత్రం ఎడమకి ఉంటే, అది దూరం వల్ల వచ్చే పర్‌స్పెక్టివ్ తేడా కాదు, నవ్వు వల్లనో మొహం తీరు వల్లనో వచ్చిన తేడా. వదిలేయండి.

ఇప్పుడు కళ్లు. కొలుకు నుంచి కొలుకుకి కొలిస్తే ఎడమ కన్ను 264, కుడి కన్ను 246 పిక్సెళ్లు. దాదాపు 7 శాతం తేడా. దూరం వల్ల వచ్చేది 2 శాతమే అన్నాం కదా, మిగతా 5 ఎక్కడిది? తల తిరిగినప్పుడు అవతలి కన్ను మనకి కొంచెం పక్క నుంచి కనిపిస్తుంది, మొహం గుండ్రంగా అటు వంగిపోతుంది కాబట్టి వెడల్పు తగ్గుతుంది. ఇది తేల్చుకోవడానికి ఒక మంచి కొలబద్ద ప్రతి మొహంలోనూ ఉంది, అదే కంటి నల్లగుడ్డు. పెద్దవాళ్లలో అది సుమారు 12 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, ఒకే మనిషిలో రెండు కళ్లకీ దాదాపు సమానం, పైగా లెన్స్ వైపు చూస్తున్నప్పుడు తల తిరిగినా అది గుండ్రంగానే పడుతుంది. మన ఫోటోలో ఎడమ నల్లగుడ్డు 113, కుడిది 111 పిక్సెళ్లు. అంటే దూరం తెచ్చిన తేడా అంతే, 2 శాతం. మిగతాదంతా తల తిరగడం వల్ల వచ్చింది.

ఈ ఒక్క కొలత మన పనిని ఎక్కడ ఆపాలో చెప్తుంది. దూరం తెచ్చిన 2 శాతాన్ని పూర్తిగా తీసేయొచ్చు, అది కెమెరా చేసిన పని. తిరగడం వల్ల వచ్చిన 5 శాతంలో కొంత మాత్రమే తీయాలి. ఎందుకంటే ముక్కు ఇంకా కుడికే చూస్తోంది. ముక్కు తిరిగి ఉన్న మొహంలో కళ్లు రెండూ సరిసమానంగా ఉండవు, చూసేవాళ్లకి లెక్క తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని వెంటనే తెలిసిపోతుంది.

కళ్లు తెరుచుకున్న ఎత్తు కూడా కొలవండి. ఎడమ 92, కుడి 84 వచ్చింది. దూరం లెక్కన అయితే 2 పిక్సెళ్లే తగ్గాలి, 8 తగ్గింది. అంటే ఇది కనురెప్ప సంగతి. ఆమెవే ఇంకో రెండు ఫోటోలు అడిగి తీసుకుని చూడండి, వాటిలోనూ అదే రెప్ప కిందికి ఉంటే అది ఆమె మొహం. ముట్టుకోవద్దు.

మొదట మొత్తం ఫోటో, తర్వాత తల

లేయర్‌ని `Ctrl+J`తో కాపీ చేసుకుని అసలుది కింద దాచి ఉంచండి. ఫైలు రా ఫార్మాట్ అయితే లెన్స్ ప్రొఫైల్ సవరణ అన్నిటికంటే ముందే పూర్తిచేయండి, తర్వాత చేస్తే మీ కొలతలన్నీ మారిపోతాయి.

ఇప్పుడు 3 డిగ్రీలూ ఒకేసారి మొత్తం ఫోటోని తిప్పేస్తే ఏమవుతుంది? కళ్లు సమంగా వస్తాయి, భుజాలు వాలిపోతాయి, వెనక స్విచ్‌బోర్డు ఒరిగిపోతుంది. అందుకే ముందు స్విచ్‌బోర్డు అంచు మీద రూలర్ లాగి చూడాలి. మన ఫోటోలో అది ఒక డిగ్రీ వాలి ఉంది, భుజాలూ అటు ఇటుగా అంతే. అంటే 3 డిగ్రీల్లో ఒకటి తమ్ముడు ఫోన్ వంచి పట్టుకోవడం వల్ల, మిగతా రెండూ అమ్మాయి తల వంచడం వల్ల వచ్చాయి.

ఆ ఒక డిగ్రీ మొత్తం ఫోటోకి తిప్పండి. స్విచ్‌బోర్డు అంచు మీద రూలర్ గీత ఉండగానే `Image > Image Rotation > Arbitrary` తెరిస్తే కోణం, దిశ అదే నింపి పెడుతుంది, ఓకే నొక్కడమే. మూలల్లో ఖాళీ వస్తుంది, ఇప్పుడే క్రాప్ చేయకండి, చివర్లో చూసుకుందాం.

వెనక గీతలేమీ లేని ఫోటో అయితే భుజాల్ని చూసి అంచనా వేయాలి, కానీ ఒక భుజం దించి నిలబడే అలవాటు చాలామందికి ఉంటుంది కాబట్టి అది అంత నమ్మకం కాదు. చెవులకి వేలాడే బుట్టకమ్మలు ఉంటే వాటినే నమ్మండి. మనిషి ఎలా వంగినా అవి నిట్టనిలువుగానే వేలాడతాయి, కాబట్టి ఫోటోలో అవి ఎంత వాలి ఉంటే ఫోన్ అంత వంగినట్టు. చెంపకో మెడకో ఆనుకుని ఉన్న కమ్మని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక తల. లాసోతో తల, జుట్టు, మెడ కలిపి వదులుగా ఎంచుకోండి, చుట్టూ గోడ కూడా కనీసం 150 పిక్సెళ్లు రావాలి. అంచు మెత్తగా కలిసేలా 50 పిక్సెళ్ల ఫెదర్ పెట్టి `Ctrl+J` కొట్టండి, ఆ లేయర్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్ చేయండి. స్మార్ట్ ఆబ్జెక్ట్ ఎందుకంటే ఇప్పుడు తిప్పుతాం, తర్వాత సాగదీస్తాం, మామూలు లేయర్ మీద అయితే ప్రతిసారీ పిక్సెళ్లు మళ్లీ లెక్కకట్టడంతో చర్మం మెత్తబడిపోతుంది, మొహం ఒక రకంగా మెడ ఇంకో రకంగా కనిపిస్తుంది. స్మార్ట్ ఆబ్జెక్ట్‌లో ఎన్నిసార్లు మార్చినా అసలు పిక్సెళ్ల నుంచే మళ్లీ లెక్కకడుతుంది.

`Ctrl+T` నొక్కి, తిరిగే కేంద్రాన్ని గొంతు కింద గుంట దగ్గర పెట్టండి. Alt పట్టుకుని అక్కడ క్లిక్ చేస్తే వచ్చేస్తుంది. ఇది మర్చిపోతే తల మధ్య నుంచి తిరుగుతుంది, మెడ పక్కకి జరిగి విరిగినట్టు కనిపిస్తుంది. కుడి కన్ను కింద ఉంది కాబట్టి గడియారం ముల్లుకి వ్యతిరేకంగా 2 డిగ్రీలు. పైన కోణం గడిలో `-2` అని టైప్ చేస్తే సరి.

గొంతు నుంచి నడినెత్తి దాకా ఎంత లేదన్నా 1900 పిక్సెళ్లు ఉంటుంది, కాబట్టి 2 డిగ్రీలకే నడినెత్తి 65 పిక్సెళ్ల పైన ఎడమకి జరుగుతుంది. చుట్టూ 150 పిక్సెళ్ల గోడ తీసుకోమన్నది ఇందుకే, లేకపోతే కుడి వైపు కింది లేయర్‌లోని పాత జుట్టు అంచు బయటపడుతుంది. గోడ సాదాగా ఉంటే ఇంతటితో అయిపోతుంది. పూల డిజైన్ కర్టెన్ ముందో, కిటికీ ముందో నిలబడి ఉంటే తలని విడిగా తిప్పే పని పెట్టుకోకండి, మొత్తం ఫోటోనే ఇంకో డిగ్రీ తిప్పి ఊరుకోండి. ఆ మిగిలిన కాస్త వంపు ఫోటోకి అందమే గానీ తప్పు కాదు. విడిగా తల తిప్పడం కూడా 3 డిగ్రీల లోపే, అంతకన్నా ఎక్కువైతే మెడ నరాలు, జుట్టు పడే తీరు, గొంతు మీద నీడ ఏవీ తలతో కలవవు.

ఈ తల లేయర్‌కి లేయర్ మాస్క్ పెట్టుకుని, మెడ దగ్గర అతుకుని పెద్ద మెత్తటి బ్రష్‌తో కలిపేయండి. గొలుసు వేసుకుని ఉంటే అతుకు గొలుసుకి పైనే రావాలి, గొలుసు మధ్యలో వస్తే లింకులు రెండుగా పడతాయి.

దూరం తెచ్చిన తేడా

ఇప్పుడు కళ్ల గీత సమంగా ఉంది. నోటి గీత మాత్రం ఇందాకటి తేడా వల్ల కుడి వైపు ఒక డిగ్రీ పైకి లేచి ఉంటుంది, కొలిస్తే కుడి కొస 6-7 పిక్సెళ్లు పైన ఉంది. ఇది చూసి కంగారుపడి మళ్లీ తిప్పకండి. మొహం కుడి సగాన్ని కొద్దిగా సాగదీస్తే ఇది దానంతట అదే దిగుతుంది.

అదే తల లేయర్ మీద `Edit > Transform > Distort` తీసుకోండి. మన తల పెట్టె సుమారు 1300 వెడల్పు, 1900 ఎత్తు అనుకుందాం. కుడి పై మూలని 20 పిక్సెళ్లు పైకి, కుడి కింది మూలని 20 పిక్సెళ్లు కిందికి లాగండి. కళ్లు తలలో దాదాపు సగం ఎత్తులో ఉంటాయి కాబట్టి వాటి గీత కదలదు, నోటి కుడి కొస మాత్రం దిగుతుంది. పూర్తిగా సమం కావాలంటే 40 చొప్పున లాగాలి, కానీ అంత లాగితే దవడ కుడి వైపు బరువుగా కనిపిస్తుంది, మెడ దగ్గర అతుకు కూడా దొరికిపోతుంది. సగం చాలు. నోటి దగ్గర 3-4 పిక్సెళ్ల వాలు మిగులుతుంది, 600 పిక్సెళ్ల కళ్ల ముందు అది ఎవరికీ కనిపించదు.

ఇది అయ్యాక కళ్లు మళ్లీ కొలవండి. కుడి కన్ను 250కి వచ్చి ఉంటుంది, నల్లగుడ్లు రెండూ ఇంచుమించు సమానమై ఉంటాయి. అంటే కెమెరా చేసిన అన్యాయం పోయింది, లిక్విఫై ఇంకా తెరవకుండానే.

కళ్లకి లిక్విఫై, కొంచెమే

`Filter > Liquify` తెరవండి. స్మార్ట్ ఆబ్జెక్ట్ కాబట్టి తర్వాత మళ్లీ తెరిచి మార్చుకోవచ్చు. కుడి వైపు `Face-Aware Liquify` కింద `Eyes` దగ్గర రెండు కళ్లకీ విడివిడిగా అంకెలుంటాయి, మధ్యలో గొలుసు గుర్తు ఉంటుంది. ఆ గొలుసు తీసేయకపోతే రెండు కళ్లూ కలిసి పెరుగుతాయి, తేడా అలాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

కుడి కన్నుకి `Eye Width` మాత్రం కొద్దికొద్దిగా పెంచండి. ఆ అంకెలు పిక్సెళ్లు కావు, కాబట్టి అంకె చూడకండి, ఓకే కొట్టి బయటికి వచ్చి రూలర్‌తో కొలవండి. 250 ఉన్నది 256-257కి రావాలి, అక్కడ ఆపేయండి. ఎడమది 264 దగ్గరే ఉంటుంది. ఆ 7-8 పిక్సెళ్ల తేడా ఉండాలి, ముక్కు తిరిగి ఉన్నంతకాలం అది ఉండాల్సిందే. `Eye Height` ముట్టుకోవద్దు, రెప్ప సంగతి ముందే తేల్చుకున్నాం. `Eye Size` కూడా వద్దు, అది నల్లగుడ్డుని కూడా పెంచేస్తుంది, రెండు నల్లగుడ్లు ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయితే చూపు తేడాగా కనిపిస్తుంది, మెల్ల వచ్చినట్టుంటుంది. వెడల్పు పెంచాక నల్లగుడ్డు గుండ్రంగానే ఉందా అని దగ్గరికి జూమ్ చేసి చూడండి. కోడిగుడ్డు ఆకారం వచ్చిందంటే ఎక్కువైంది.

ఎక్కువైందనిపిస్తే లేయర్ ఒపాసిటీ తగ్గించి సరిపెట్టొద్దు. ఆకారం మారిన లేయర్ ఒపాసిటీ తగ్గిస్తే మార్పు సగం కాదు, పాత కన్ను కొత్త కన్ను ఒకదాని మీద ఒకటి పడి కనురెప్పల వెంట్రుకలు జంటగా కనిపిస్తాయి. లేయర్ కింద ఉన్న లిక్విఫై పేరు మీద డబుల్ క్లిక్ చేసి లోపలికి వెళ్లి అంకె తగ్గించండి.

కళ్లజోడు ఉన్న మొహమైతే ఈ దశ చాలావరకు మానుకోండి. ఫ్రేము తిన్నని గీత కొంచెం వంగినా ఇట్టే దొరికిపోతుంది. ఇంకో సంగతి, కళ్లజోడు ముక్కు మీద వంకరగా కూర్చుని ఉంటే మొహమంతా వంకరగా ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకే కొలత ఎప్పుడూ కనుపాపల నుంచి తీసుకోవాలి, ఫ్రేము నుంచి కాదు.

చెవులు, కమ్మలు, బొట్టు

మన ఫోటోలో ఎడమ చెవి 96 పిక్సెళ్ల వెడల్పు కనిపిస్తోంది, కుడిది 58. ఈ తేడాలో ఎక్కువ భాగం కుడి చెవి చెంప వెనక దాక్కోవడం వల్ల వచ్చింది. దాక్కున్న చెవిని ఫోటోలోంచి బయటికి లాగలేం, లాగితే ఉన్న కాస్త చెవీ సాగి రబ్బరులా తయారవుతుంది. అందుకే చిన్నదాన్ని పెంచకండి, పెద్దదాన్ని కొంచెం లోపలికి నెట్టండి. లిక్విఫైలో ఫార్వర్డ్ వార్ప్ బ్రష్, చెవి ఎత్తు కంటే పెద్ద సైజు, ప్రెషర్ 20 లోపు పెట్టుకుని చెవి బయటి అంచుని తల వైపు రెండు మూడు సార్లు నెమ్మదిగా తోయండి. 96ని 85 దాకా తేవచ్చు. చిన్న బ్రష్ వాడితే చెవి అంచు అలలు అలలుగా వస్తుంది, తర్వాత సరిచేయడం కష్టం. పక్కన ఉన్న జుట్టు కదలకుండా ఫ్రీజ్ మాస్క్‌తో కప్పండి.

చెవుల ఎత్తు గురించి అడిగితే, తల సమం చేశాక కూడా ఒక చెవి తమ్మె పైన ఒకటి కింద ఉంటే అది చాలామందికి సహజంగా ఉండేదే. వదిలేయండి. కమ్మలు కూడా ఆ చెవులకే వేలాడుతున్నాయి, చెవి ఒక్కటీ జరిపితే కమ్మ గాలిలో ఉంటుంది.

కమ్మల దగ్గర తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్ వంపు తీసేసినప్పుడు బుట్టలు నిలువుగా వచ్చాయి. తర్వాత తలని 2 డిగ్రీలు తిప్పాం, దాంతో బుట్టలు కూడా తిరిగి ఇప్పుడు రెండూ గాలికి కుడి వైపు ఊగినట్టు ఉన్నాయి. 250 పిక్సెళ్ల పొడవు బుట్టకి కింది కొస 9 పిక్సెళ్లు పక్కకి పోతుంది, ఖచ్చితంగా కనిపిస్తుంది. ఒక్కో బుట్టని లాసోతో ఎంచుకుని కొత్త లేయర్ చేసి, కేంద్రాన్ని చెవి తమ్మె దగ్గర కొక్కెం మీద పెట్టి, గడియారం ముల్లు దిశలో 2 డిగ్రీలు తిప్పండి. పాత బుట్ట అంచు కనిపిస్తే, స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద నేరుగా బ్రష్ పనిచేయదు కాబట్టి తల లేయర్‌కి పైన, బుట్ట లేయర్‌కి కింద ఖాళీ లేయర్ ఒకటి పెట్టి, `Sample` దగ్గర `Current & Below` ఎంచుకుని క్లోన్ స్టాంప్‌తో తుడిచేయండి.

బొట్టుని చాలామంది పట్టించుకోరు. మొహం సమంగా ఉందా లేదా అని కన్ను వెతికేటప్పుడు మొదట పట్టుకునేది బొట్టునీ పాపిటనీ. బొట్టు కనుబొమల మధ్యకి కాక 10 పిక్సెళ్లు పక్కకి ఉంటే, కళ్లు ఎంత సరిచేసినా మొహం వంకరగానే అనిపిస్తుంది. కనుబొమల లోపలి కొసల మధ్య బిందువు చూసి బొట్టుని లాసోతో కొత్త లేయర్ చేసి అక్కడికి జరపండి, కింద మిగిలిన చోటుని అలాగే ఖాళీ లేయర్ మీద హీలింగ్ బ్రష్‌తో పూడ్చండి. కళ్ల మధ్య బిందువుతో చూడొద్దు, తల తిరిగి ఉన్నప్పుడు నుదురు ముందుకి ఉంటుంది కాబట్టి ఆ రెండూ ఒకే గీతలో ఉండవు. పాపిటని మాత్రం కదపొద్దు, పక్కపాపిట తీసుకునేవాళ్లది పక్కకే ఉంటుంది.

అయిపోయిందా లేదా ఎలా తెలుస్తుంది

`Image > Image Rotation > Flip Canvas Horizontal` కొట్టి చూడండి. గంట సేపు అదే మొహం చూశాక కన్ను అలవాటుపడిపోతుంది, తిప్పి చూస్తే తప్పు వెంటనే కనిపిస్తుంది. ఇప్పుడు ఏదైనా ఒక పక్కకి లాగినట్టు అనిపిస్తే అది మీరు చేసిందా, అసలు ఫోటోలోనే ఉందా అని పాత లేయర్ ఆన్ చేసి చూడండి. మీరు చేసిందైతే సగానికి తగ్గించండి.

తర్వాత ఫోటోని ఫోన్‌లో కనిపించేంత సైజుకి చిన్నది చేసి చూడండి, బయోడేటా ఫోటో చూసేది వాట్సాప్‌లోనే కదా. ఆ సైజులో కనిపించని తేడా కోసం ఇంకా కష్టపడొద్దు. చివరగా జుట్టు అంచులూ గోడా 100 శాతం జూమ్‌లో ఒక చుట్టు చూసి, అప్పుడు క్రాప్ చేయండి.

మొహాన్ని సగానికి కోసి, బాగున్న సగాన్ని తిప్పి రెండో పక్క అతికించే పద్ధతి ఒకటి చలామణిలో ఉంది. దాని జోలికి పోవద్దు. వెలుగు రెండు పక్కలా ఒకేలా పడుతుంది, కళ్లలో మెరుపు అద్దంలోలా ఎదురెదురుగా వస్తుంది, పుట్టుమచ్చ ఉంటే మాయమవుతుంది లేదా రెండవుతాయి. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు ఫోటోలో ఉన్నది వేరే అమ్మాయి అనుకుంటారు.

ముక్కు మధ్య గీత నుంచి ఎంత జరిగి ఉందో చూసి అసలు ఈ పని చేయాలా వద్దా అన్నది కూడా తేల్చుకోవచ్చు. మన ఫోటోలో తల సమం చేశాక కనుపాపల మధ్య నుంచి నిలువు గీత లాగితే ముక్కు కొన సుమారు 65 పిక్సెళ్లు కుడికి ఉంది, అంటే కళ్ల మధ్య దూరంలో తొమ్మిదో వంతు. అంతవరకు పైన చెప్పినదంతా బాగా పనిచేస్తుంది. అది ఐదో వంతు దాటిందంటే తల బాగా తిరిగి ఉందని అర్థం, అప్పుడది పక్క చూపు ఫోటో, దాన్ని అలాగే ఉంచి వెలుగూ రంగూ మాత్రం చూసుకోండి, లేదా మళ్లీ తీయమనండి.

మళ్లీ తీసే వీలుంటే అదే మేలు. ఒకటిన్నర మీటరు దూరం నిలబడి, ఫోన్‌లో 2x పెట్టి, ఫోన్‌ని కళ్ల ఎత్తులో నిలువుగా పట్టుకుని తీస్తే పైన ఉన్న దశల్లో సగం అక్కర్లేదు. అమెరికా వీసాకి పెట్టే ఫోటోకైతే ఇంకో దారే లేదు, అక్కడ మొహాన్ని సాఫ్ట్‌వేర్‌తో మార్చిన ఫోటోలు ఒప్పుకోరు, కాబట్టి లిక్విఫై, డిస్టార్ట్ లాంటివి దానికి అస్సలు వాడకండి, తల నిటారుగా పెట్టించి మళ్లీ తీయండి.